శనివారం స్మార్త ఏకాదశి, ఆదివారం వైష్ణవ ఏకాదశి: మా అమ్మ రెండు రోజులూ ఉపవాసం ఉండేసింది

కొర్లగుంట కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. తాతల కాలం నుంచి మా ఇంట్లో ఏకాదశి ఉపవాసం ఉంది. అమ్మకి అరవై దాటాయి, అయినా నెలకి రెండు ఏకాదశులూ వదలదు. ఇన్నాళ్ళూ గోడకున్న క్యాలెండర్ చూసి ఉండేది, ఏ గొడవా లేదు. ఏడాదిగా సాయంత్రాలు ఒక భజన మండలికి వెళ్తోంది. మొన్న వాళ్ళు ఏకాదశి ఆదివారం అన్నారు. క్యాలెండర్‌లో శనివారం గడిలో "స్మార్త ఏకాదశి" అనీ, ఆదివారం గడిలో "వైష్ణవ ఏకాదశి" అనీ రెండూ ఉన్నాయి. ఏది తప్పితే ఏం పాపమో అని అమ్మ రెండు రోజులూ ఉండేసింది. ఆదివారం సాయంత్రం కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. మాకు టెన్షన్. ఇప్పుడు బాగానే ఉంది.

నా ప్రశ్న ఒకటే. చంద్రుడు ఒక్కడే, తిథి ఒక్కటే. మరి ఏకాదశి రెండు రోజులు ఎలా అవుతుంది? ఇద్దరిలో ఒకరి లెక్క తప్పా?

బైరాగిపట్టెడ బాబు
ఇందులో పెద్ద లెక్కేం లేదు బ్రదర్. శివుడిని పూజించేవాళ్ళు స్మార్తులు, విష్ణువుని పూజించేవాళ్ళు వైష్ణవులు. వైష్ణవులు ఎప్పుడూ ఒక రోజు తర్వాత ఉంటారు. తిరుపతిలో ఉన్నాం, ఇలవేల్పు వేంకటేశ్వరుడు, కొండపైన ఏది చేస్తే మనకీ అదే. కాబట్టి ఆదివారమే కరెక్ట్.

చిత్తూరు రమ
కొండ అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఈ ఏకాదశికి ఉత్తర ద్వారం తెరిచారా? టోకెన్లు ఎక్కడిచ్చారు? మా ఆడపడుచు వాళ్ళు పలమనేరు నుంచి వస్తామంటున్నారు.

కొర్లగుంట కుర్రోడు
రమ గారూ, అది వైకుంఠ ఏకాదశికండీ. ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి. ఇది నెలనెలా వచ్చే మామూలు ఏకాదశి.

చిత్తూరు రమ
అయ్యో, అవునా. టైటిల్‌లో ఏకాదశి అని చూసి వచ్చేశా. 2020 నుంచి ద్వారం పది రోజులు తెరుస్తున్నారు కదా, ఏ రోజు ఏకాదశో చూసుకోవడమే మానేశాం. సరే, ఉన్నాను కాబట్టి చదువుతా.

పాత పంతులు
ఇంట్లో గోడ క్యాలెండర్ ఒక్కటే ఉన్నవాళ్ళకి ఈ ఇబ్బంది తప్పదు నాయనా. క్యాలెండర్‌లో రోజు ఉంటుంది, కారణం ఉండదు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి సంస్కృతం చెప్పాను. పంచాంగం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. తెలిసినంత చెప్తాను.

ముందు మీ ప్రశ్నకే వస్తాను. లెక్క ఎవరిదీ తప్పు కాదు. శనివారం తెల్లవారుజామున దశమి ఎన్ని గంటలకి పోయిందో ఇద్దరూ ఒప్పుకుంటారు. తేడా అంతా, ఆ క్షణానికి శుక్రవారం ముగిసి శనివారం మొదలైందా లేదా అన్న దగ్గర వస్తుంది.

తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. చంద్రుడు ఒకే వేగంతో నడవడు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. అందువల్ల ఒక తిథి ఇరవై గంటల్లో అయిపోవచ్చు, ఇంకొకటి దాదాపు ఇరవై ఏడు గంటలు సాగవచ్చు. తిథి అర్ధరాత్రికో ఉదయానికో మొదలవ్వాలన్న నియమం ఏమీ లేదు, మధ్యాహ్నం భోజనాల వేళ కూడా మారుతుంది. కానీ ఉపవాసం మాత్రం రోజు మొత్తానికి ఉండాలి. ఎటు జారుతుందో తెలియని తిథిని రోజు అనే గడిలో కూర్చోబెట్టాలి. అందుకోసం పెట్టుకున్న నియమం దగ్గరే రెండు సంప్రదాయాలు విడిపోయాయి.

ఆ శనివారం పంచాంగంలో ఏముందో ఫోటో తీసి గానీ చూసి గానీ రాయగలరా? దశమి ఎప్పుడు పోయింది, ఏకాదశి ఎప్పుడు పోయింది, ద్వాదశి ఎప్పుడు పోయింది, సూర్యోదయం ఎప్పుడు. ఈ నాలుగూ చాలు.

కొర్లగుంట కుర్రోడు
పక్కింటి తాతగారి దగ్గర పంచాంగం ఉంది, చూసొచ్చాను. తిరుపతి సూర్యోదయం 6 గంటల 4 నిమిషాలు. దశమి శనివారం తెల్లవారుజామున 4:52 వరకు. ఏకాదశి ఆదివారం తెల్లవారుజామున 4:12 వరకు. ద్వాదశి ఆదివారం అర్ధరాత్రి దాటాక, అంటే సోమవారం 2:56 వరకు.

బైరాగిపట్టెడ బాబు
చూశారా, శనివారం సూర్యోదయానికి ఏకాదశి ఉంది. ఆదివారం సూర్యోదయానికి ద్వాదశి వచ్చేసింది. అంటే ఆదివారం ఉన్నవాళ్ళు ద్వాదశి నాడు ఉపవాసం ఉన్నట్టు. ఇదేం లెక్క? ఇప్పుడు నాకే డౌట్ వస్తోంది.

పాత పంతులు
బాబూ, ఆ డౌటే అసలు విషయం. మీరే పట్టుకున్నారు.

స్మార్తుల లెక్క సులువు. సూర్యోదయానికి దశమి ఉండకూడదు, ఏకాదశి ఉండాలి. శనివారం 6:04కి ఏకాదశి వచ్చి గంట దాటింది. కాబట్టి శనివారమే ఉపవాసం.

వైష్ణవులు ఇంకొంచెం వెనక్కి వెళ్తారు. సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు నుంచి అరుణోదయం. ఘడియకి 24 నిమిషాలు, నాలుగు ఘడియలంటే 96 నిమిషాలు. వాళ్ళకి వ్రతదినం అక్కడే మొదలవుతుంది, ఆ వేళకే లేచి స్నానం చేసి సంకల్పానికి సిద్ధం కావాలి. ఆ 96 నిమిషాల్లో దశమి ఒక్క నిమిషం తగిలినా ఆ ఏకాదశిని దశమీవిద్ధ అంటారు. ఉపవాసానికి పనికిరాదు.

మీ శనివారం చూద్దాం. 6:04 నుంచి 96 నిమిషాలు వెనక్కి వెళ్తే 4:28. దశమి 4:52 దాకా ఉంది. అంటే అరుణోదయంలోకి 24 నిమిషాలు, సరిగ్గా ఒక్క ఘడియ, దశమి జొరబడింది. స్మార్తులకి అది సూర్యోదయానికి ముందే పోయిన దశమి, పట్టించుకోరు. వైష్ణవులకి ఆ ఒక్క ఘడియతో శనివారం మొత్తం చెడింది. మరుసటి రోజు సూర్యోదయానికి ద్వాదశి ఉన్నా సరే, అదే శుద్ధమైన రోజు అని ఆదివారం ఉంటారు.

ఇప్పుడు బాబు మాటలు రెండు సరిచేయాలి. "ఎప్పుడూ ఒక రోజు తర్వాత" అనేది తప్పు. దశమి సరిగ్గా ఆ 96 నిమిషాల్లో ముగిస్తేనే ఈ రకం తేడా వస్తుంది. రోజుకి 24 గంటలు, 96 నిమిషాలంటే అందులో పదిహేనో వంతు. ఏడాదికి ఇరవైనాలుగు ఏకాదశులు, అధికమాసం వస్తే ఇరవైఆరు. కాబట్టి ఏడాదికి ఒకటో రెండో సార్లు ఇలా తగులుతుంది. ద్వాదశి రెండు సూర్యోదయాలకి ఉండేలా సాగినప్పుడు వైష్ణవులు ఏకాదశి వదిలి ద్వాదశి పట్టే సందర్భం ఇంకొకటి ఉంది, దాన్ని వ్యంజులి అంటారు. అలాంటివన్నీ కలిపినా ఎక్కువ నెలల్లో ఇద్దరిదీ ఒకటే రోజు.

స్మార్తులంటే శైవులు అన్నది కూడా తప్పే. మా ఇంట్లో వేంకటేశ్వరుడికే నైవేద్యం, మేం స్మార్తులమే.

శ్రీవైష్ణవ శేషు
పంతులుగారు చెప్పింది మా ఇంటి పద్ధతికి కూడా సరిపోతుంది. ఇలా దశమి తగలడాన్నే అరుణోదయ వేధ అంటారు. చిన్నప్పుడు అదేంటని మా తాతని అడిగితే పాల కుండలో మజ్జిగ చుక్క పడినట్టు అని చెప్పాడు. పాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, చుక్క పడిందా లేదా అన్నదే లెక్క. గాంధారి దశమి కలిసిన ఏకాదశి చేసినందుకే నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకుందని ఇంట్లో చెప్పేవాళ్ళు. ఆ కథ విన్నాక మేం ఎవరమూ వాదించలేదు లెండి.

ఇంకా కఠినంగా చూసేవాళ్ళు ఉన్నారు. నింబార్క సంప్రదాయం వాళ్ళకి అర్ధరాత్రి దాటి దశమి ఉన్నా ఆ ఏకాదశి పనికిరాదు. అంటే కుర్రోడు గారి శనివారం వాళ్ళకి కూడా చెడినట్టే. మనవైపు ఆ సంప్రదాయం తక్కువ కాబట్టి క్యాలెండర్లో రాయరు.

చిత్తూరు రమ
ఒక్క ఘడియ కోసం రోజంతా మార్చేస్తారా! మా అత్తమ్మ దగ్గర పాత పంచాంగం ఉంది, అందులో గంటలు నిమిషాలు ఉండవు. 57-00 అనీ 49-30 అనీ అంకెలుంటాయి. దాన్ని చూసి తెలుసుకోవచ్చా?

పాత పంతులు
తల్లీ, నిజానికి అందులో ఇంకా సులువు. ఆ అంకెలు ఘడియలు, విఘడియలు. ఆ రోజు సూర్యోదయం నుంచి ఆ తిథి ఎన్ని ఘడియలు ఉందో చెప్తాయి. సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయానికి అరవై ఘడియలు. అరుణోదయం చివరి నాలుగు, అంటే 56 దగ్గర మొదలవుతుంది.

కాబట్టి ఏకాదశి వరుస కాదు, ముందు రోజు దశమి వరుస చూడండి. దశమి 56 లోపు ముగిస్తే ఆ వైపు నుంచి ఎవరికీ ఇబ్బంది లేదు. 56 దాటి 60 లోపు అయితే స్మార్తులు మర్నాడు, వైష్ణవులు ఆ పైరోజు. ఈ కుర్రాడి కేసులో శుక్రవారం 6:04 నుంచి శనివారం 4:52 వరకు 22 గంటల 48 నిమిషాలు, అంటే 57 ఘడియలు. మీరు రాసిన 57-00 అదేనేమో, ఒకసారి అత్తమ్మ గారిని అడిగి చూడండి.

60 కూడా దాటితే మర్నాడు సూర్యోదయానికి కూడా దశమే. అప్పుడు స్మార్తుల లెక్కకి కూడా ఆ రోజు దశమి తగిలినట్టే.

చిత్తూరు రమ
చూశా మాష్టారూ! శుక్రవారం వరుసలో దశమి 57-00 అనే ఉంది. ఇన్నేళ్ళూ అది ఫోన్ నంబర్ లాంటిదేదో అనుకున్నా.

న్యూజెర్సీ నాని
తిరుపతి నుంచి వచ్చి ఇక్కడ పదేళ్ళయింది. మా అమ్మ ఫోన్ చేసి "ఆదివారం ఏకాదశి నాయనా, అన్నం తినొద్దు" అంది. మాది వైష్ణవ కుటుంబం. ఆదివారమే ఉన్నా. నా ఆఫీస్ ఫ్రెండ్ కూడా వైష్ణవుడే, అతను శనివారం ఉన్నాడు. అతను తప్పా, నేను తప్పా?

పాత పంతులు
అమ్మ చెప్పింది తిరుపతికి కరెక్ట్. కానీ మీ ఫ్రెండ్ ఉన్నది మీ ఊరికి కరెక్ట్.

దశమి పోయే క్షణం ప్రపంచమంతా ఒకటే. ఇక్కడ శనివారం 4:52 అయితే మీ గడియారంలో శుక్రవారం సాయంత్రం 7:22, మీకిప్పుడు తొమ్మిదిన్నర గంటల తేడా ఉంది కాబట్టి. అంటే మీ ఊళ్ళో శనివారం అరుణోదయానికి దశమి పోయి రాత్రంతా గడిచిపోయింది. వేధ లేదు. ఏకాదశి శనివారం సాయంత్రం 6:42 వరకు ఉంది. స్మార్తులైనా వైష్ణవులైనా మీ దగ్గర అందరికీ శనివారమే. ఇక్కడ రెండుగా చీలిన రోజు అక్కడ చీలనే లేదు.

మారేది సూర్యోదయం. సూర్యోదయం ఊరిది కాబట్టి ఉపవాసం రోజు కూడా ఊరిదే. ఆదివారం మీకు తెల్లవారేసరికే ద్వాదశి, మీరు ఉన్నది ద్వాదశి ఉపవాసం.

న్యూజెర్సీ నాని
అమ్మకి చెప్తే నమ్మదు. "కొండ ఇక్కడుందా, అక్కడుందా" అంటుంది.

బైరాగిపట్టెడ బాబు
మీ అమ్మతో నేనూ ఏకీభవిస్తా 😀 సరే పంతులుగారూ, మరి నా మూడో మాట సంగతి? కొండపైన ఏది పాటిస్తే అది తిరుపతిలో అందరికీ వర్తించదా?

పాత పంతులు
వర్తించదు. గుడిలో సేవలు, ఉత్సవాలు ఆ గుడి ఆగమం ప్రకారం, అక్కడి పద్ధతి ప్రకారం జరుగుతాయి. మీ ఇంట్లో మీరు పట్టే ఉపవాసం మీ ఇంటి సంప్రదాయం ప్రకారం. శివాలయం పక్కన ఇల్లున్నంత మాత్రాన శైవ దీక్ష తీసుకున్నట్టు కాదు కదా. మరి మీరు వైష్ణవులా కాదా అన్నదానికి శాస్త్రం చూసేది దీక్ష, గురుపరంపర. సమాశ్రయణమో ముద్రాధారణమో అయినవాళ్ళు, ఆ వంశంలో ఆ ఆచారం ఉన్నవాళ్ళు వైష్ణవ ఏకాదశి పడతారు. మిగతా గృహస్థులకి స్మార్త పద్ధతి.

శ్రీవైష్ణవ శేషు
ఇక్కడ నేను కొంచెం వేరేగా అంటాను పంతులుగారూ. కుర్రోడి అమ్మగారు ఏడాదిగా భజన మండలికి వెళ్తున్నారు, మనసు అటు తిరిగింది. ఇంటి ఆచారం అని ఆపాలా? మా వీధిలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు రిటైరయ్యాక దీక్ష తీసుకుని అరుణోదయ పద్ధతికి మారారు.

పాత పంతులు
దీక్ష తీసుకుంటే మారడంలో తప్పేమీ లేదు శేషూ. తీసుకోకుండా ఒక నెల ఇటు, ఒక నెల అటు మారడమే కుదరదని నా మాట. ఒప్పుకోనివాళ్ళు ఉన్నారని తెలుసు.

కొర్లగుంట కుర్రోడు
అమ్మ ఇంకా దీక్ష ఏమీ తీసుకోలేదు. అదలా ఉంచండి. రెండు రోజులూ ఉంటే పుణ్యం ఎక్కువే కదా, నష్టమేముంది అని అమ్మ వాదన. దానికేమంటారు?

పాత పంతులు
నష్టం ఉంది, అదీ ఉపవాసం లెక్కలోనే ఉంది. ఏకాదశి ఉపవాసం ద్వాదశి నాడు పారణతో పూర్తవుతుంది. శనివారం స్మార్త ఉపవాసం ఉన్నవాళ్ళు ఆదివారం ద్వాదశి పోయేలోగా తినాలి. ఆదివారం కూడా కడుపు మాడ్చుకుంటే శనివారం వ్రతానికి పారణ తప్పినట్టు. రెండు వ్రతాలు చేశాననుకుని ఒకదాన్ని సగంలో వదిలినట్టు అయింది.

ఎప్పుడైనా తప్పనిసరై రెండూ కలిసొస్తే పెద్దలు చెప్పే దారి ఒకటుంది. ద్వాదశి ఘడియల్లో తులసితీర్థం తీసుకుంటే పారణ అయినట్టే. అంబరీషుడి కథ తెలుసు కదా. దుర్వాసుడు స్నానానికి వెళ్ళి రాలేదు. ఇటు ద్వాదశి పోతోంది, అటు అతిథికి పెట్టకుండా తినకూడదు. పండితుల్ని అడిగి నీళ్ళు మాత్రం తాగాడు. నీళ్ళు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. అయినా దుర్వాసుడికి కోపం వచ్చింది, అది వేరే సంగతి.

కానీ అరవై దాటిన మనిషికి ఈ దారి చూపించి రెండు రోజులు ఉండమనను. ఒక రోజు చాలు.

చిత్తూరు రమ
మాష్టారూ, పారణ అన్నారు కాబట్టి. మా అత్తమ్మ శనివారమే ఉంది. ఆదివారం పొద్దున ఆరున్నరకే ఇడ్లీ తినేసింది. ద్వాదశి వచ్చేసింది కదా అని. సరేనా?

పాత పంతులు
ఈసారి కొంచెం తొందరపడ్డారు. ద్వాదశిలో మొదటి నాలుగో వంతుని హరివాసరం అంటారు. అందులో పారణ చేయకూడదు, అది కూడా ఉపవాస కాలంలోకే వస్తుంది. ఆదివారం ద్వాదశి 4:12కి వచ్చి సోమవారం 2:56కి పోయింది, మొత్తం 22 గంటల 44 నిమిషాలు. నాలుగో వంతు 5 గంటల 41 నిమిషాలు. 4:12కి కలిపితే 9:53. అంటే దాదాపు పదింటికి తినాల్సింది.

అన్ని ఏకాదశులకీ ఇలా ఆగక్కర్లేదు. ఏకాదశి ముందు రోజు సాయంత్రమే పోతే హరివాసరం రాత్రే అయిపోతుంది, తెల్లారగానే తినొచ్చు. నాని ఊళ్ళో శనివారం ఉన్నవాళ్ళకి అదే జరిగింది. ఇక్కడ ఏకాదశి తెల్లవారుజామున పోయింది కాబట్టి పొద్దున్న ఆగాల్సి వచ్చింది. ఆదివారం ఉన్న వైష్ణవులకి సోమవారం తెల్లారేసరికి ద్వాదశే లేదు, త్రయోదశి. హరివాసరం ప్రశ్నే రాదు, పొద్దున్నే పారణ చేసేస్తారు.

చిత్తూరు రమ
పదింటి దాకా ఇడ్లీ లేకుండా అత్తమ్మని ఆపడం నా వల్ల కాదు. ఉపవాసం రోజు రాత్రి ఉప్పుడుపిండి తింటారు మా ఇంట్లో. అది బియ్యపు రవ్వే కదా, ఫలాహారం ఎట్లయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

శ్రీవైష్ణవ శేషు
మేమైతే ధాన్యం ముట్టం అమ్మా. పాలు, పండు. కానీ మీ అత్తమ్మ గారితో నేను గొడవ పెట్టుకోను.

గడియారం
ఆలస్యంగా వచ్చాను. నాకు ఖగోళం సరదా, ఉపవాసాలు లేవు. పంతులుగారు చెప్పిన నియమాలతో పేచీ లేదు, కానీ ఒక ముడి వదిలేశారు. దశమి 4:52కి పోయిందని అందరూ ఒప్పుకుంటారన్నారు. అన్ని పంచాంగాలూ ఒప్పుకోవు.

దృక్ సిద్ధాంత పంచాంగం చంద్రుడు ఆకాశంలో నిజంగా ఎక్కడున్నాడో ఆధునిక గణితంతో చూసి రాస్తుంది. పూర్వ సిద్ధాంతం వాళ్ళు సూర్యసిద్ధాంతం సూత్రాలతో, వాక్య పంచాంగం వాళ్ళు అంకెల్ని మాటల్లో దాచిన పాత వాక్యాలతో లెక్కేస్తారు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలకి పక్కనే తమిళనాడు, అక్కడ చాలా గుళ్ళలో వాక్యమే. పాత లెక్కలో చంద్రుడికి ఒక సవరణ లేదు. ఆ సవరణ లోపం పౌర్ణమికీ అమావాస్యకీ పెద్దగా కనబడదు. గ్రహణాలు సరిగ్గా రావాలి కాబట్టి పాతవాళ్ళు ఆ రెండు చోట్ల అంకెలు కుదిరేలా చూసుకున్నారు. అష్టమి దగ్గర తేడా బాగా పెరుగుతుంది, తిథి ముగింపు గంటల కొద్దీ మారొచ్చు. ఏకాదశి ఒక పక్షంలో అష్టమికీ పౌర్ణమికీ, ఇంకో పక్షంలో అష్టమికీ అమావాస్యకీ మధ్యలో ఉంది. ఇక్కడ కూడా కొన్ని నెలల్లో గంటల తేడా వస్తుంది.

కొర్లగుంట మిత్రుడి శనివారానికి అది చాలా పెద్ద సంగతి. దశమి 4:52కి బదులు 4:20కి పోయిందని ఒక పంచాంగం అంటే వేధే లేదు, వైష్ణవులకి కూడా శనివారమే. 6:10కి అని ఇంకొకటి అంటే శనివారం సూర్యోదయానికి కూడా దశమే, స్మార్తుల లెక్కకి కూడా తగిలినట్టే. ఇద్దరు వైష్ణవులు వేర్వేరు రోజుల్లో ఉపవాసం ఉండటం నేను చూశాను, ఒకే నియమం, వేరే పంచాంగం.

బైరాగిపట్టెడ బాబు
ఓహో! మా పై వాటాలో మాధ్వులు ఉన్నారు. ఒకసారి వాళ్ళు, శేషు గారి లాంటి శ్రీవైష్ణవులు వేరే రోజుల్లో ఉన్నారు. ఇద్దరూ వైష్ణవులే కదా అని నాకు అర్థం కాలేదు. ఇదేనా కారణం?

గడియారం
అయ్యుండొచ్చు. వాళ్ళ మఠం ఏ పంచాంగం వాడుతుందో అడగండి. పంచాంగం ఒకటే అయ్యుండి తేడా వస్తే కారణం నియమంలో ఉన్నట్టు. పంచాంగాలు వేరైతే ముందు దశమి ముగింపు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, అక్కడే తేలిపోతుంది.

బైరాగిపట్టెడ బాబు
వాళ్ళు ఊళ్ళో లేరు, వచ్చాక అడుగుతా.

పాత పంతులు
గడియారం గారు అన్నది నిజం, నేను దాటేశాను. మా ఇంట్లో దృక్కే. ఏ పంచాంగం అన్నది కూడా ఇంటి ఆచారమే, మఠం ఉన్నవాళ్ళకి మఠం మాట.

న్యూజెర్సీ నాని
నేను ఫోన్ యాప్ చూస్తా. దాంట్లో సూర్యోదయం రెండు మూడు నిమిషాలు వేరేగా ఉంటోంది. ఒక యాప్‌కీ ఇంకో యాప్‌కీ కూడా. దాంతో ఏమైనా అవుతుందా?

గడియారం
మామూలుగా ఏమీ కాదు. ఒక యాప్ సూర్యుడి పై అంచు కనబడటాన్ని ఉదయం అంటుంది, వాతావరణం వల్ల కిరణాలు వంగడం కూడా కలుపుకుంటుంది. ఇంకొకటి బింబం మధ్య భాగం దిగంతానికి రావడాన్ని, ఆ వంపు కలపకుండా లెక్కేస్తుంది. ఈ రెండింటికీ మన తిరుపతిలో మూడు నాలుగు నిమిషాల తేడా. దశమి అరుణోదయానికి అరగంట లోపలికి వచ్చినప్పుడు ఈ నిమిషాలు ఎవరికీ పట్టవు. సరిగ్గా గీత మీద, 4:27కో 4:30కో ముగిసిందనుకోండి, అప్పుడు ఒక యాప్ శనివారం అంటుంది, ఇంకొకటి ఆదివారం అంటుంది. ఏ ఉదయాన్ని పట్టాలో నేను చెప్పలేను, అది పంతులుగారి పని.

పాత పంతులు
మా నాయన బింబం మధ్య భాగమే పట్టేవాడు. పై అంచు కనబడితే చాలు అర్ఘ్యం ఇవ్వొచ్చనేవాళ్ళు కూడా మా అగ్రహారంలోనే ఉండేవాళ్ళు. ఇద్దరూ సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చునేవాళ్ళు.

శ్రీవైష్ణవ శేషు
అలాంటి గీత మీద రోజున మా ఇంట్లో అనుమానం వస్తే రెండో రోజే. విద్ధ అయ్యే అవకాశం ఉన్నది వదలడమే మా పద్ధతి.

కొర్లగుంట కుర్రోడు
అందరికీ థాంక్స్. రాత్రి అమ్మని కూర్చోబెట్టి పక్కింటి తాత పంచాంగం చూపించా. 6:04 నుంచి 96 నిమిషాలు వెనక్కి లెక్కపెట్టి, దశమి 4:52 చూపించి, "ఇదిగో, ఈ ఒక్క ఘడియ కోసమే నువ్వు రెండు రోజులు మాడిపోయింది" అన్నా. చాలాసేపు చూసింది. ఇకనుంచి స్మార్తమే, మీ నాన్న పోయేదాకా అదే చేశాం అంది. ఆ తర్వాత పంచాంగం తిరగేసి వచ్చే నెల దశమి 55-40 ఉంది, నాలుగు ఘడియల్లోకి రాదు కదా, భజనకి కూడా అదే రోజు వెళ్ళొచ్చు అంది. 56కి ఇరవై విఘడియలే తక్కువ. విఘడియకి 24 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలు. గడియారం గారూ, ఎనిమిది నిమిషాలు చాలా?

గడియారం
దృక్ పంచాంగమే అయితే చాలు, సూర్యోదయం ఎటు పట్టినా మూడు నాలుగు నిమిషాలే మారుతుంది. ముందు తాతగారి పంచాంగం కవర్ మీద ఏ సిద్ధాంతమో చూడండి.

కొర్లగుంట కుర్రోడు
కవర్ చిరిగిపోయింది. పొద్దున్న అడిగి చెప్తా.